COUNTIF పెట్టినా తేడా తేలకపోతే: బ్యాంకు స్టేట్‌మెంట్, లెడ్జర్ కలపడంలో టిక్కు పెట్టడం

ప్రశ్న: మా ఎరువుల దుకాణం లెక్కలు నేనే చూస్తాను. మార్చి 31కి లెడ్జర్‌లో బ్యాంకు నిల్వ 2,18,450, స్టేట్‌మెంట్‌లో 2,47,894. తేడా 29,444. ఫిబ్రవరి ఆఖరికి రెండూ సరిపోయాయి. ఎక్సెల్‌లో రెండు లిస్టులూ పెట్టి, ఒకదాంట్లోని అమౌంట్ రెండోదాంట్లో ఉందా లేదా అని COUNTIF తో చూసి, సున్నా వచ్చిన వాటికి రంగు వేశాను. లెడ్జర్ వైపు 36,500 చెక్కు, 22,000 డిపాజిట్, 5,640 చెల్లింపు. బ్యాంకు వైపు 5,460, 236. ఇవన్నీ సర్దినా 14,444 వరకే లెక్క తేలుతోంది. ఇంకా 15,000 ఎక్కడుందో మూడు రోజులుగా దొరకడం లేదు. ఆడిట్ దగ్గర పడుతోంది, టెన్షన్‌గా ఉంది. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

సమాధానం:

మీరు పట్టుకున్న ఐదూ సరైనవే. ఆ 15,000 కూడా మీ షీట్‌లోనే, రంగు పడని వరుసల్లో ఉంది. మీ ఫార్ములా దాన్ని "కలిసింది" అని వదిలేసింది. ముందు రెండు చోట్ల వెతకండి. లెడ్జర్‌లో 15,000 చెల్లింపులు ఎన్ని ఉన్నాయి, బ్యాంకులో ఎన్ని ఉన్నాయి? అవి సమానమైతే, 7,500 వసూలు ఏదైనా చెల్లింపు వైపు పడిందేమో చూడండి. ఈ రెంటిలో ఒకటి అయ్యే అవకాశం చాలా ఎక్కువ. ఎందుకో చెబుతాను, ఎందుకంటే ఫార్ములా మార్చకపోతే వచ్చే నెల కూడా ఇదే జరుగుతుంది.

కంప్యూటర్ లేని రోజుల్లో ఈ పని ఎలా చేసేవాళ్లమో గుర్తు తెచ్చుకుంటే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. పాస్‌బుక్ ఒక పక్క, క్యాష్‌బుక్ ఒక పక్క పెట్టుకుని, ఇక్కడి పద్దుకీ అక్కడి పద్దుకీ ఎర్ర పెన్సిల్‌తో ఒక్కో టిక్కు పెట్టేవాళ్లం. టిక్కు పడిన పద్దు అయిపోయినట్టే, దాన్ని ఇంకో పద్దుకి జతగా చూపించే వీల్లేదు. ఆఖర్న టిక్కు లేకుండా మిగిలినవే తేడా.

COUNTIF టిక్కు పెట్టదు. "ఈ అమౌంట్ ఆ లిస్టులో ఎన్నిసార్లు ఉంది" అని మాత్రం లెక్కపెట్టి చెబుతుంది. మీరు దాన్ని "ఉందా, లేదా" అనే ప్రశ్నగా వాడారు. లెడ్జర్‌లో 15,000 చెల్లింపు మూడుసార్లు, బ్యాంకులో రెండుసార్లు ఉందనుకోండి. లెడ్జర్ మొదటి వరుసకి COUNTIF 2 అంటుంది, రెండో వరుసకీ 2, మూడో వరుసకీ 2. ఎక్కడా సున్నా రాదు. బ్యాంకు వైపు నుంచి చూస్తే ప్రతి వరుసకీ 3 వస్తుంది. రెండు వైపులా అన్నీ కలిసినట్టే కనిపిస్తాయి. ఒకే బ్యాంకు పద్దుతో రెండు లెడ్జర్ పద్దులకు టిక్కు పెట్టినట్టు అయిందన్నమాట.

గుండ్రటి అంకెల దగ్గరే ఇది ఎక్కువ. 18,437.50 లాంటి మొత్తం నెలలో రెండోసారి రావడం అరుదు. గోడౌన్ అద్దె 15,000, లారీ కిరాయి 15,000, కంపెనీకి అడ్వాన్సు 15,000 మాత్రం ఒకే నెలలో పక్కపక్కనే పడతాయి. దుకాణం లెక్కల్లో సగం అంకెలు అలాంటివే.

దీనికి మందు COUNTIF లోనే ఉంది. ప్రతి పద్దుకీ "ఇది ఈ అమౌంట్‌తో ఎన్నోది" అని వరుస నంబరు ఇవ్వాలి. లెడ్జర్‌లో మూడో 15,000 కి జత దొరకాలంటే బ్యాంకులో కనీసం మూడు ఉండాలి. రెండే ఉంటే ఆ మూడోది కలవనట్టు.

షీట్ ఇలా పెట్టుకోండి. ఒకదానికి Ledger, రెండోదానికి Bank అని పేరు. రెంటిలోనూ A లో తేదీ, B లో వివరం, C లో అమౌంట్, D లో చెక్కు నంబరు లేదా రిఫరెన్సు నంబరు. E, F ఖాళీగా ఉంచండి.

C కాలమ్ విషయంలో ఒక్కటి జాగ్రత్త. వసూళ్లు ప్లస్, చెల్లింపులు మైనస్‌గా ఒకే కాలమ్‌లోకి తేవాలి. ట్యాలీలో బ్యాంకు లెడ్జర్ తెరిస్తే మనకి వచ్చిన డబ్బు డెబిట్ వైపు ఉంటుంది, అదే డబ్బు స్టేట్‌మెంట్‌లో క్రెడిట్ వైపు ఉంటుంది. బ్యాంకు తన పుస్తకం ప్రకారం రాస్తుంది, మనం మన పుస్తకం ప్రకారం రాస్తాం. అందుకే ఆ రెండు పేర్లూ పక్కన పెట్టేసి, లెడ్జర్‌లో డెబిట్ మైనస్ క్రెడిట్, స్టేట్‌మెంట్‌లో డిపాజిట్ మైనస్ విత్‌డ్రాయల్ అని C కట్టండి. అప్పుడు రెండు చోట్లా గుర్తు ఒకటే అవుతుంది. పైన 7,500 గురించి చెప్పింది దీని గురించే. గుర్తు లేకుండా అంకె మాత్రం పెట్టుకుంటే, రైతు కట్టిన 7,500 ని పొరపాటున చెల్లింపుగా రాసినా COUNTIF కలిసిందనే అంటుంది. నిల్వలో మాత్రం 15,000 తేడా పడుతుంది. తేలని తేడా సరిసంఖ్య అయితే దాన్ని సగం చేసి ఆ అంకె కోసం వెతకడం పాత గుమాస్తాల అలవాటు. ప్లస్, మైనస్ పెడితే ఆ వెతుకులాట తప్పుతుంది.

ఇప్పుడు Ledger షీట్ E2 లో ఇది రాయండి:

```
=COUNTIF(C$2:C2,C2)
```

మొదటి C$2 లో డాలర్ గుర్తు ఉంది, రెండో C2 లో లేదు. కిందికి లాగినప్పుడు పరిధి C2 నుంచి ఆ వరుస దాకా పెరుగుతూ పోతుంది. మొదటి -15,000 పక్కన 1, రెండోదాని పక్కన 2, మూడోదాని పక్కన 3 పడతాయి. తర్వాత F2 లో:

```
=IF(E2>COUNTIF(Bank!C$2:C$300,C2),"లేదు","")
```

Bank షీట్‌లో E2 కి పై మొదటి ఫార్ములానే. F2 లో మాత్రం Bank బదులు Ledger అని మార్చండి. 300 అన్నది మీ ఆఖరి వరుసని దాటి ఉంటే చాలు. రంగు కావాలంటే రెండో వరుస నుంచి కిందివన్నీ సెలెక్ట్ చేసి కండిషనల్ ఫార్మాటింగ్‌లో ఈ షరతు ఇవ్వండి:

```
=$F2="లేదు"
```

ఇక మీ లెక్కలోకి వద్దాం. 15,000 కథ నేను అనుకున్నట్టే ఉంటే Ledger షీట్‌లో నాలుగు వరుసలకు రంగు పడాలి: -36,500, +22,000, -5,640, ఇంకా మూడోసారి వచ్చిన -15,000. మొత్తం -35,140. Bank షీట్‌లో రెండు: -5,460, -236. మొత్తం -5,696. బ్యాంకు మొత్తంలోంచి లెడ్జర్ మొత్తం తీసేయండి. -5,696 లోంచి -35,140 తీస్తే +29,444. మీ తేడా పైసలతో సహా అదే.

ఇది యాదృచ్ఛికం కాదు. టిక్కు పడిన ప్రతి జతలోనూ రెండు వైపులా ఒకే అంకె ఉంటుంది కాబట్టి వాటి వల్ల తేడా రాదు. తేడా అంతా టిక్కు పడని వరుసల్లోనే ఉండి తీరాలి. అందుకే రంగు వేయడంతో ఆపకుండా, ఎక్కడైనా ఖాళీ షీట్‌లో ఈ ఒక్క ఫార్ములా పెట్టుకోండి:

```
=SUMIF(Bank!F:F,"లేదు",Bank!C:C)-SUMIF(Ledger!F:F,"లేదు",Ledger!C:C)
```

దీని జవాబు రెండు నిల్వల తేడాతో సరిపోవాలి. సరిపోకపోతే వరుసలు ఒక్కొక్కటీ చూడటం మొదలుపెట్టకండి, ముందు లిస్టులోనే ఏదో లోపం ఉంది. ఈ సరిచూపు లేకుండా చేసినందుకే మీకు మూడు రోజులు పట్టింది.

లిస్టులో లోపం అంటే సాధారణంగా మూడు రకాలు.

మొదటిది, అంకె కాని అంకె. ఇంటర్నెట్ బ్యాంకింగ్‌లోంచి దించిన స్టేట్‌మెంట్‌లో 15,000.00 అని కనిపించేది చాలాసార్లు టెక్స్ట్. దాని వెనక కంటికి కనిపించని ఖాళీ కూడా అంటుకుని ఉంటుంది. ఎక్సెల్‌లో అది CHAR(160), మామూలు స్పేస్ కాదు, TRIM కి పోదు. గుర్తుపట్టడం సులువు: ఆ కాలమ్ మొత్తానికి SUM కొట్టండి. స్టేట్‌మెంట్ అడుగున బ్యాంకు వేసిన మొత్తం రాకపోతే కొన్ని గడులు టెక్స్ట్‌గా ఉన్నట్టే. డిపాజిట్ G లోనో, విత్‌డ్రాయల్ H లోనో ఉంటే, ఒక్కోదాన్ని పక్క కాలమ్‌లో ఇలా శుభ్రం చేసి, ఆ తర్వాత C కట్టండి:

```
=ROUND(VALUE("0"&TRIM(SUBSTITUTE(SUBSTITUTE(G2,CHAR(160),""),",",""))),2)
```

ముందు "0" పెట్టింది ఖాళీ గడుల కోసం. విత్‌డ్రాయల్ వరుసలో డిపాజిట్ గడి ఖాళీగా ఉంటుంది, ఆ సున్నా లేకపోతే VALUE తప్పు చూపిస్తుంది. ROUND ఎందుకంటే, లెడ్జర్‌లో శాతం లెక్కతో వచ్చిన అంకె 332.52 అని కనిపిస్తున్నా లోపల 332.523 ఉండొచ్చు. బ్యాంకులో 332.52 మాత్రమే ఉంటుంది. చూడటానికి ఒకేలా ఉన్నా COUNTIF వాటిని కలపదు. అందుకని లెడ్జర్ వైపు C కి కూడా ROUND తప్పకుండా పెట్టండి.

రెండోది, వరుసలు జారిపోవడం. స్టేట్‌మెంట్ రెండు పేజీలుగా కాపీ చేసేటప్పుడు ఒక వరుస పోతుంది, లేదా "బీ/ఎఫ్" అని ముందు పేజీ నిల్వ కూడా ఒక పద్దులా వచ్చి కూర్చుంటుంది. ప్రారంభ నిల్వకి C మొత్తం కలిపితే ముగింపు నిల్వ రావాలి. ఇది రెండు షీట్లలోనూ చూసుకున్నాకే COUNTIF జోలికి వెళ్లండి.

మూడోది, పోయిన నెల మిగులు. మీకు ఫిబ్రవరి ఆఖరికి రెండు నిల్వలూ సరిపోయాయి కాబట్టి ఈసారి బాధ లేదు. కానీ మార్చి చెక్కు 36,500 ఏప్రిల్‌లో పాసవుతుంది. అది ఏప్రిల్ స్టేట్‌మెంట్‌లో ఉంటుంది, ఏప్రిల్ లెడ్జర్‌లో ఉండదు. అందుకని మార్చిలో మిగిలిపోయిన పద్దుల్ని ఏప్రిల్ లెడ్జర్ లిస్టు మీద, మొదటి వరుసల్లో, పాత తేదీలతోనే చేర్చాలి. అలా చేస్తే పైన చెప్పిన SUMIF సరిచూపు ఏప్రిల్‌లోనూ పనిచేస్తుంది. చేర్చకపోతే ఇంకో ప్రమాదం కూడా ఉంది. మార్చి నాటి 36,500 చెక్కు ఏప్రిల్‌లో పాసైతే, ఏప్రిల్‌లో మీరు ఇంకెవరికో ఇచ్చిన 36,500 చెక్కుతో అది కలిసిపోతుంది. నిజంగా పాసుకాని చెక్కు పాసైనట్టు కనిపిస్తుంది.

నా ఉద్యోగం కొత్తలో నాకు సరిగ్గా ఇదే జరిగింది. పశువుల దాణా వ్యాపారి ఒకాయన దగ్గర లెక్కలు రాసేవాణ్ని. ఒకే మొత్తం ఉన్న రెండు చెక్కుల్లో ఏది పాసైందో చూసుకోకుండా కలిపేశాను. నిల్వలు సరిపోయాయి కాబట్టి ఏ అనుమానమూ రాలేదు. రెండు నెలల తర్వాత సరుకు ఇచ్చినాయన "మా డబ్బు రాలేదు" అని వచ్చి కూర్చున్నాడు. మేమేమో పాసైందని వాదించాం. తీరా చెక్కు నంబరు చూస్తే ఆయనదే నిజం. ఆ రోజు ఆయన ముందు తల దించుకున్నాను. అప్పటి నుంచీ అమౌంట్ కలిసిందంటే పని అయిందని నేను అనుకోను.

అందుకే వరుస నంబరు పద్ధతికి ఉన్న హద్దు కూడా చెప్పాలి. లెడ్జర్‌లో మూడు, బ్యాంకులో రెండు ఉంటే అది ఎప్పుడూ మూడోదానికే రంగు వేస్తుంది. తప్పు పద్దు మూడోదే అని దాని అర్థం కాదు. "ఈ మొత్తంలో ఒకటి ఎక్కువుంది" అని మాత్రమే. ఏది ఎక్కువో తేల్చడానికి ఆ మూడింటినీ ఫిల్టర్ పెట్టి పక్కపక్కన చూడాలి. చెక్కులైతే నంబరుతో తేలిపోతుంది. Ledger షీట్‌లో ఇంకో ఖాళీ కాలమ్ తీసుకుని, స్టేట్‌మెంట్ వివరంలో ఆ నంబరు ఉందో లేదో అమౌంట్‌తో కలిపి అడగండి:

```
=IF(D2="","",COUNTIFS(Bank!C$2:C$300,C2,Bank!B$2:B$300,"*"&D2&"*"))
```

సున్నా వచ్చిన పద్దు అనుమానించాల్సింది. ముందు D2="" అని పెట్టింది ఊరికే కాదు. నంబరు లేని వరుసలో నక్షత్రాల మధ్య ఏమీ ఉండదు, అప్పుడు ఏ వివరమైనా కలిసినట్టే వస్తుంది. చెక్కు నంబరు ఆరు అంకెలది. ట్యాలీలో 000412 అని కొట్టినది ఎక్సెల్‌లోకి వచ్చేసరికి 412 అయిపోతుంది, అంత చిన్న నంబరు వేరే రిఫరెన్సు మధ్యలో కూడా దొరుకుతుంది. అలాంటి చోట నక్షత్రాల మధ్య ఉన్న D2 బదులు మాత్రం TEXT(D2,"000000") రాయండి. బ్యాంకు వివరంలో నంబరు ముందు సున్నాలు లేకపోతే మాత్రం ఇది పట్టదు, ఒకసారి స్టేట్‌మెంట్ చూసి నిర్ణయించుకోండి.

రిఫరెన్సు నంబర్లనే COUNTIF కి ఇవ్వాలనుకుంటే ఒక మాట. పూర్తిగా అంకెలతో ఉన్న నంబరుని టెక్స్ట్‌గా పెట్టినా COUNTIF సంఖ్యలా చూస్తుంది, పదిహేను అంకెల దాకానే గుర్తుపెట్టుకుంటుంది. పదహారో అంకెలో మాత్రమే తేడా ఉన్న రెండు నంబర్లు దానికి ఒకటే. యూపీఐ రిఫరెన్సు 12 అంకెలది కాబట్టి ఇబ్బంది లేదు. నెఫ్ట్ యూటీఆర్‌లో అక్షరాలు ఉంటాయి కాబట్టి అదీ పర్వాలేదు. కార్డు నంబర్ల లాంటి పొడుగు అంకెల దగ్గర మాత్రం నమ్మకండి.

తేదీని షరతుగా పెట్టమని కొందరు చెబుతారు. చెక్కుల వ్యాపారంలో నేను పెట్టను. మనం చెక్కు రాసిన రోజు, బ్యాంకులో పాసైన రోజు దాదాపు ఎప్పుడూ వేరే. తేదీ కలవాలంటే సగం షీట్‌కి రంగు పడుతుంది. కార్డు మెషిన్ వసూళ్లది ఇంకో తీరు. మీ పుస్తకంలో రోజుకి పది బిల్లులు ఉంటే బ్యాంకులో ఒకే మొత్తంగా పడుతుంది. దానికి ఏ COUNTIF పనికిరాదు, ముందు లెడ్జర్ వైపు రోజువారీ మొత్తం SUMIFS తో కట్టి, ఆ మొత్తాన్నే ఒక వరుసగా పెట్టుకోవాలి.

ఇప్పుడు రంగు పడిన ఆరు వరుసల్నీ ఏం చేయాలో చూద్దాం. 5,640, 5,460 రెండూ ఒకే పద్దు, అంకెలు తారుమారయ్యాయి. తేడా 180, తొమ్మిదితో నిశ్శేషంగా పోతుంది. పక్కపక్క అంకెలు తారుమారైతే తేడా ఎప్పుడూ తొమ్మిదితో పోతుంది కాబట్టి రెండు వైపులా దగ్గర దగ్గర మొత్తాలు మిగిలినప్పుడు ముందు ఇదే చూడండి. వోచరు తీసి చూసి, లెడ్జర్‌లో 5,460 గా దిద్దండి. 236 చూస్తే బ్యాంకు చార్జీ 200, దాని మీద 18 శాతం జీఎస్టీ 36 లా ఉంది. వివరం చూసి నిర్ధారించుకుని లెడ్జర్‌లో ఖర్చు రాయండి. 15,000 చెల్లింపుల్లో చెక్కు నంబరు ఒకటే ఉన్న రెండు పద్దులు ఉన్నాయేమో చూడండి. చెక్కు ఇచ్చిన రోజు ఒకసారి, పాసైనట్టు ఫోన్‌కి మెసేజ్ వచ్చిన రోజు ఇంకోసారి రాయడం దుకాణాల్లో చాలా మామూలు. అలాగే అయితే రెండోది తీసేయండి. వోచర్లు చూడకుండా మాత్రం దేన్నీ తీయకండి.

ఈ మూడూ దిద్దాక లెడ్జర్ నిల్వ 2,18,450 కి 15,000, 180 కలిసి, 236 పోయి 2,33,394 అవుతుంది. బ్యాంకు వైపు 2,47,894 లోంచి ఇంకా పాసుకాని చెక్కు 36,500 తీసి, ఇంకా జమ కాని 22,000 కలిపితే అదీ 2,33,394. ఆడిటరుకి చూపించాల్సిన కాగితం ఇదే.

36,500, 22,000 దిద్దాల్సినవి కావు, అలాగే ఏప్రిల్ లిస్టు మీదికి ఎక్కించండి. 22,000 ఏప్రిల్ మొదటి వారంలో జమ కాకపోతే బ్యాంకుకి ఫోన్ చేయండి, చెక్కు తిరిగి వచ్చి ఉండొచ్చు. 36,500 చెక్కు మీద ఉన్న తేదీ కూడా ఒకసారి చూసి పెట్టుకోండి. 2012 ఏప్రిల్ 1 నుంచి చెక్కు చెల్లుబాటు మూడు నెలలే. ఆ లోపు వాళ్లు బ్యాంకులో వేయకపోతే పద్దు వెనక్కి తిప్పి, వాళ్లకి కొత్త చెక్కు రాయాల్సి వస్తుంది.